‘సాంప్రదాయం’ అనే వాగ్గేయకారుడు

ఈ మధ్య నా చేతికొచ్చిన ఒక భజన కీర్తనల పుస్తకంలో అందరికంటే ఎక్కువ పాటలు రాసిన కవి పేరు ‘సాంప్రదాయం’. విషయసూచికలో మూడు నిలువు గడులున్నాయి: పాట, రాగం, రచన. రచన గడిలో అన్నమయ్య, రామదాసు, త్యాగరాజు పేర్లు వరసగా వస్తుంటాయి, వాళ్ల మధ్యలో ఈయన ప్రతి పేజీలోనూ కనిపిస్తాడు. (మాట కూడా తప్పే. ‘సంప్రదాయం’ అనాలి, కాదంటే ‘సాంప్రదాయికం’ అనాలి. సరే, అచ్చుతప్పుల సంగతి ఇప్పుడొద్దు.)

పుస్తకం పేరు చెప్పను. ఒక భజన మండలి వాళ్లు శ్రద్ధగా వేసుకున్నది, ఊరికే పంచిపెట్టేది. అలాంటి పుస్తకాన్ని సమీక్షించడమేమిటని అడగొచ్చు. కానీ మనలో చాలామందికి అన్నమయ్య గానీ రామదాసు గానీ మొదట ఇలాంటి పుస్తకాల్లోనే ఎదురయ్యారు, పరిశోధన గ్రంథాల్లో కాదు. ఈ పాట ఫలానా వాళ్లదని మన బుర్రల్లో పాతుకుపోయిన నమ్మకాల్లో సగం ఈ మూడో గడి నుంచి వచ్చినవే. అక్కడ ఒకసారి అచ్చయిన పేరు తర్వాత యూట్యూబ్ వీడియో కింద చేరుతుంది, అక్కణ్ణించి ఇంకో పుస్తకంలోకి దిగుతుంది. నాలుగు చోట్ల కనిపించేసరికి అదే ఆధారమైపోతుంది. ఆ నాలుగూ ఒకే చోటి నుంచి వచ్చాయన్న సంగతి ఎవరూ చూడరు.

నా ఫిర్యాదు తప్పుల గురించి కాదు, ఆ గడి గురించి. అందులో పట్టేది ఒక్క పేరే. పాట సంగతేమో ఎప్పుడూ ఒక్క పేరులో ఇమడదు.

ఒక్క పాట తీసుకుని చూద్దాం. ‘జో అచ్యుతానంద’ తెలియని తెలుగిల్లు తక్కువ. ఈ పుస్తకంలో దాని పక్కన ‘అన్నమయ్య’ అని ఉంది. ఇంకొన్ని పుస్తకాల్లో ‘సాంప్రదాయం’ అనీ, ‘జానపదం’ అనీ చూశాను. మూడూ నిజం కావడం కష్టం, కానీ మూడింటికీ ఏదో ఒక కారణం ఉంది.

అన్నమయ్య పేరు ఎక్కడి నుంచి వచ్చిందంటే పాటలోంచే. చాలామంది మొదటి రెండు మూడు చరణాలు పాడి ఆపేస్తారు, అప్పటికి పిల్లలు నిద్రపోతారు కాబట్టి. చివరిదాకా వెళ్తే, ఈ జోలని తాళ్లపాక అన్నయ్య చెప్పాడనే మాట వస్తుంది. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి అనిపిస్తుంది. నాకైతే ఆ చరణం దగ్గరే అనుమానం మొదలవుతుంది.

అన్నమయ్య తన పాటల్లో సంతకంగా పెట్టేది తన పేరు కాదు, దేవుడి పేరు. వేంకటేశుడో, వేంకటాద్రో, తిరువేంకటగిరో చివరి చరణంలో వస్తుంది. ‘అన్నమయ్య చెప్పిన పాట ఇది’ అని బయట నిలబడి ప్రకటించుకోవడం ఆయన అలవాటు కాదు. ఈ జోలలో అచ్చంగా అదే జరుగుతోంది. ఎవరో వేలు చూపించి చెబుతున్నట్టుంది. పైగా నేను చూసిన పాఠంలో చివరి మంగళం పలికింది వేంకటేశుడికి కాదు, మదనగోపాలుడికి. దానికి తోడు ‘అన్నయ్య’ అన్న రూపం ఒకటుంది. తాళ్లపాక ఇంట్లో కవులు చాలామంది. అన్నమయ్య కొడుకు పెదతిరుమలాచార్యుడు, మనవడు చినతిరుమలాచార్యుడు, ‘అన్నమాచార్య చరిత్ర’ని ద్విపదలో రాసిన చిన్నన్న, ‘సుభద్రా కల్యాణం’ రాసిన తిమ్మక్క. ‘అన్నయ్య’ అంటే అన్నమయ్యే కావచ్చు. కావచ్చు అనేంత వరకే చెప్పగలం.

ఇప్పుడు మన ముందున్న దారులేమిటి? అన్నమయ్యే అలవాటు మార్చి ఒక్కసారి ఇలా రాసి ఉండొచ్చు. లేదా ఆయన జోల ఒకటి ఉండి, ఊళ్లలో పాడుకుంటూ పోయిన వాళ్లు చివర ఒక చరణం కలిపి ఆయన పేరు చెప్పుకుని ఉండొచ్చు. జోలపాటకి చరణాలు కలపడం కష్టమేం కాదు, దాని పని సాగడమే కదా. లేదా మదనగోపాలుడి గుడి ఉన్న ఊళ్లో ఎవరో పాట కట్టి, పెద్దపేరు తగిలిస్తే నిలుస్తుందని తగిలించి ఉండొచ్చు. నా మొగ్గు రెండోదాని వైపు. కానీ నా మొగ్గుని మూడో గడిలో అచ్చువేయకూడదు.

మరి ఏం వేయాలి? ‘అన్నమయ్య’ అని మాత్రమే వేస్తే అనుమానాన్ని దాచినట్టు. ‘సాంప్రదాయం’ అంటే పాటే స్వయంగా చెబుతున్న పేరుని కొట్టేసినట్టు, అది ఇంకా పెద్ద అన్యాయం. నేనైతే ఇలా వేస్తాను: ‘తాళ్లపాక అన్నమయ్యదిగా ప్రసిద్ధం. చివరి చరణంలో తాళ్లపాక అన్నయ్య పేరుంది.’ రెండే వాక్యాలు. మొదటిది లోకం ఏమనుకుంటుందో చెబుతుంది, రెండోది ఎందుకనుకుంటుందో చెబుతుంది. నమ్మాలో లేదో పాడేవాళ్లు తేల్చుకుంటారు. దీనికి ఒక షరతుంది, ఆ చరణం పుస్తకంలో ఉండాలి. ఈ మండలి వాళ్లు స్థలం చాలక నాలుగు చరణాలే వేశారు. తీసేసిన వాటిలో ఆ చరణం కూడా పోయింది. అన్నమయ్య పేరు ఉంచి, ఆ పేరుకి ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని కత్తిరించేశారన్నమాట.

‘దిగా ప్రసిద్ధం’ అన్న మాట మనకి కొత్తేమీ కాదు. ‘ప్రతీతి’ అని, ‘అంటారు’ అని, ‘పేర చెల్లుతున్నది’ అని పాత పీఠికల నిండా ఉంది. ఎంత తెలుసో అంతే చెప్పే మాటలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. భజన పుస్తకాల్లోకి వచ్చేసరికి అవి ఎందుకో మాయమవుతాయి. బహుశా భక్తిలో అనుమానం బాగుండదనుకుంటారు కాబోలు. కవి ఎవరన్నది భక్తికి సంబంధించిన ప్రశ్న కాదు, వివరానికి సంబంధించింది.

ముద్ర ఉంటే చాలు, కర్త తేలినట్టే అని మరో నమ్మకం. తాళ్లపాక విషయంలో అది అస్సలు పనిచేయదు. తాత, తండ్రి, మనవడు ముగ్గురూ వేంకటేశుడి పేరుమీదే పాడారు. ముద్ర దేవుడిది కాబట్టి అది ముగ్గురికీ ఒకటే. ఏ పాట ఎవరిదో తేల్చుకోవాలంటే రాగిరేకుల దగ్గరికే వెళ్లాలి. తితిదే సంపుటాలు ముగ్గురి పాటల్నీ వేరుచేసే అచ్చువేశాయి, కాబట్టి ఇది తెలుసుకోలేని రహస్యం కాదు, ఒక మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుంటే అయ్యే పని. అయినా వేంకటేశ ముద్ర కనిపించగానే అన్నమయ్య ఖాతాలో వేసేస్తాం. పెదతిరుమలాచార్యుడు వాళ్ల నాన్న వెలుగులో ఎంత మునిగిపోయాడంటే, అన్నమయ్య అభిమానులమని చెప్పుకునే వాళ్లు కూడా ఆయన పేరు మీద ఒక్క పాట చెప్పలేరు. పేరు తెలియని కవి కాదాయన. పేరు తెలిసి, రాసిపెట్టి ఉండి కూడా అనామకుడైన కవి.

బాణీల విషయానికొస్తే గడి మరీ అన్యాయంగా ఉంది. ‘నానాటి బతుకు’ పక్కన ఈ పుస్తకంలో ‘రేవతి’ అనీ ‘అన్నమయ్య’ అనీ ఉంది. రెండూ విడివిడిగా నిజమే, పక్కపక్కన పెడితే అబద్ధం. చదివేవాళ్లకి అన్నమయ్య ఈ పాటని రేవతిలో కట్టాడని అర్థమవుతుంది. రాగిరేకుల మీద పాటకి రాగం పేరు మాత్రమే ఉంటుంది, ఎలా పాడాలో చెప్పే స్వరం ఉండదు. ఈ పాటకి రేకులో ఉన్న రాగం ముఖారి. మనందరం విని కళ్లు తుడుచుకునే ఆ రేవతి బాణీ నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టినది, మన కాలం నాటిది. రేకులు వెలుగు చూశాక రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి నుంచి మొదలుపెట్టి ఎందరో ఆ మాటలకి మళ్లీ గొంతునిచ్చారు. ఈ రోజు మనం ‘అన్నమయ్య పాట’ అంటున్నది ఐదొందల ఏళ్ల నాటి మాటలూ, యాభై అరవై ఏళ్ల నాటి బాణీలూ కలిసిన వస్తువు. రచన గడిలో ఒక్క పేరు పెట్టామంటే అందులో సగం మనిషిని తీసేసినట్టే.

ఇందులో చట్టం సంగతి కూడా కాస్త ఉంది. అన్నమయ్య మాటలు ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. బాణీ మాత్రం సంగీత రచన, మన చట్టం ప్రకారం కట్టినవారు పోయిన తర్వాత 60 ఏళ్లపాటు దానికి హక్కు ఉంటుంది. నేదునూరి గారు 2014లో పోయారు. మాటలు మాత్రమే వేసే పుస్తకానికి దీంతో ఇబ్బంది లేదు. చివర నాలుగు పాటలకి స్వరం కూడా వేద్దామని ఎవరికైనా అనిపిస్తే, అప్పుడు ‘సాంప్రదాయం’ అన్న మాట పొరపాటు మాత్రమే కాదు, అనుమతి అడగకుండా దాటేయడం అవుతుంది. ఇదే తప్పు సినిమా పాటలతో ఇంకా తేలిగ్గా జరుగుతుంది. 2006లో ‘శ్రీరామదాసు’ సినిమా వచ్చాక ఆ సినిమా కోసం కొత్తగా రాసిన పాటలు కూడా భజనల్లో చేరి, చూస్తుండగానే రామదాసు కీర్తనలైపోయాయి. రాసినవాళ్లు మన కాలపు మనుషులు, పేర్లు క్యాసెట్ అట్ట మీదే ఉన్నాయి. ఇరవై ఏళ్లు కూడా పట్టలేదు అనామకులు కావడానికి.

పేరు పోవడం ఒక తప్పైతే, లేని పేరు రావడం ఇంకో తప్పు. దీనికి మన దగ్గర కంటే స్పష్టంగా కాగితాలు దొరికిన కేసు అమెరికాలో ఉంది. ‘కుంబయా’ మన కాన్వెంట్ బడుల్లో కూడా చప్పట్లు కొట్టి పాడించిన పాటే. చాలా కీర్తనల పుస్తకాల్లో దీన్ని ఆఫ్రికా పాట అని వేశారు, ఇంకొన్నింటిలో మార్విన్ ఫ్రే అనే తెల్ల మతబోధకుడి పేరు వేశారు. 1930లలో తానే రాశానని ఆయన చెప్పుకున్నాడు, 1939లో అచ్చు కూడా వేశాడు. మిషనరీలు దాన్ని అంగోలాకి తీసుకెళ్తే అక్కడ మాట అలా మారిందని కథ. చాలాకాలం ఆ కథే చెల్లింది. కానీ రాబర్ట్ విన్స్లో గార్డన్ అనే సేకర్త 1926లోనే జార్జియా తీరంలో మైనపు సిలిండర్ మీద రికార్డు చేసిన పాట లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. పాడింది హెచ్. వైలీ అనే నల్లజాతి గాయకుడు, పాట అదే. ఫ్రే తాను రాశానన్న కాలానికి పదేళ్ల ముందు సంగతి. అంటే అది ఆఫ్రికాలో పుట్టిందీ కాదు, ఫ్రే రాసిందీ కాదు, అమెరికాలోని నల్లవాళ్ల ప్రార్థన పాట.

ఇందులో నన్ను ఆపేది వైలీ స్థానం. వైలీ కూడా ఆ పాట రాయలేదు. మనకి తెలిసిన పాత గొంతుల్లో ఆయనదొకటి, అంతే. ఫ్రే పేరు కొట్టేసి అదే గడిలో వైలీ పేరు పెడితే అదే తప్పు మళ్లీ చేసినట్టు. సరైన వాక్యం ఇది: ‘కర్త తెలియదు. అమెరికా నల్లజాతి వారి ప్రార్థన గీతం. 1926లో హెచ్. వైలీ పాడగా రికార్డయింది.’ ఈ వాక్యంలో ఒక జనం ఉంది, ఒక మనిషి ఉన్నాడు, ఒక సంవత్సరం ఉంది, తెలియనిది తెలియదనీ ఉంది. ‘సాంప్రదాయం’లో వీటిలో ఒక్కటీ లేదు. సంప్రదాయమే, ఎవరి సంప్రదాయం?

మన మంగళహారతుల్ని ఈ ప్రశ్న అడగాలి. ఈ పుస్తకంలో ‘సాంప్రదాయం’ అని ఉన్న పాటల్లో ఎక్కువ భాగం హారతులూ, పెళ్లిపాటలూ, జోలలూ. ఆడవాళ్ల పాటలు. ఇవి అనామకమైనవి కావు, అనామకం చేసినవి. సీతని అత్తారింటికి పంపే పాటలో బంధువుల వరసలు అంత ఖచ్చితంగా రావడానికి, ఊర్మిళ నిద్ర గురించి అంతసేపు పాడగలగడానికి కారణం అవి ఎవరి నోళ్లలో పుట్టాయన్నదే. అక్కడ ‘స్త్రీల పాట, కర్త తెలియదు’ అని వేస్తే ఆ కారణం కాస్తయినా కనబడుతుంది.

పేరు నిలిచిన స్త్రీలూ లేకపోలేదు. తిరుమలలో రాత్రి ఏకాంత సేవ గురించి ఒక నానుడి ఉంది: తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి. తరిగొండ వెంగమాంబ పేరు మీద ముత్యాల హారతి ఇప్పటికీ నడుస్తోంది. నాకు ఈ నానుడి చాలా ఇష్టం, ఎందుకంటే అది అచ్చుకి పనికొచ్చే రచన గడి లాంటిది. లాలి ఒకరిది, హారతి ఇంకొకరిది, ఒకరి దాన్ని ఇంకొకరి ఖాతాలో వేయలేదు. ఎవరూ పరిశోధన చేయలేదు, రోజూ చేసే పనిలో పేరుని కలిపి ఉంచారు, అంతే.

పేరు దొరకని హారతికి ఏం చేయొచ్చు? ఈ పుస్తకంలోనే ఒక ఉదాహరణ ఉంది. చివరి పేజీల్లో ఒక లక్ష్మీ హారతి. పాట పక్కన ‘సాంప్రదాయం’ అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో ‘సేకరణ:’ అని మండలి కార్యదర్శి గారి పేరుంది. నేను ఫోన్ చేసి అడిగితే ఆయన దాచుకోకుండా చెప్పారు, వాళ్ల పెద్దత్తయ్య నోటుబుక్కులోంచి తీసుకున్నారట. ఆవిడ వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్నారట, కోనసీమలో. మరి ఆవిడ పేరు ఎందుకు వేయలేదండీ అంటే, ‘ఆవిడ రాయలేదు కదండీ, పాడేవారంతే’ అన్నారు. మీరూ రాయలేదు కదా అని నేననలేదు. కానీ సేకర్తకి పేరుండి, పాట మోసుకొచ్చిన మనిషికి లేకపోవడం సేకరణ అనే మాట చేసే మోసం. సేకరణ అంటే ఒకరి దగ్గర నుంచి తీసుకోవడమే కదా, ఆ ‘ఒకరు’ ఏరీ?

ఆ హారతికి నేను సూచించిన వాక్యం ఇది: ‘కర్త తెలియదు. కోనసీమలో పాడుకునే హారతి. ఫలానా వారి నోటుబుక్కు పాఠం. మూడో చరణంలో రెండు మాటలు సంపాదకులు మార్చారు.’ ఆ చివరి ముక్క దగ్గర కాస్త వాదన నడిచింది. నోటుబుక్కులో ఒక మాట అర్థం కాలేదని, ఇంకోటి ‘మరీ మోటుగా ఉంద’ని మార్చారట. మార్చడం పాపం కాదు, ఇలాంటి పాటలు మారుతూనే ఇంతదూరం వచ్చాయి. కానీ ఎవరో పాడిన మాటా, ఈ ఏడాది డీటీపీ దగ్గర వేసిన మాటా రెండూ ఒకే ‘సాంప్రదాయం’ కింద పడుకుంటే, రేపు ఆ పాట వెతుక్కునే మనిషికి ఏది పాతదో తెలిసే దారి మూసేసినట్టు. పెద్దత్తయ్య గారి పేరు వేయాలంటే ఆవిణ్ణి అడగాలి కూడా. పేరు వద్దనే హక్కు ఆవిడకుంది, అప్పుడు ‘ఒక గృహిణి నోటుబుక్కు’ అని ఊరి పేరుతో వేసినా సరిపోతుంది.

ఇదంతా పెడితే పుస్తకం లావైపోతుందని ఒక అభ్యంతరం వచ్చింది. పాట కిందే వేస్తే భజనలో చూసి పాడేవాళ్లకి అడ్డమే, ఒప్పుకుంటాను. పాట దగ్గర ఒక అంకె పెట్టి, వివరాలన్నీ చివర్లో రెండు పేజీల్లో పెట్టుకోవచ్చు. తిరుగులేని ఆధారం ఉన్న పాటలకి పేరొక్కటీ చాలు, వాక్యాలు అక్కర్లేదు. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనకి ఎవరూ వివరణ అడగరు. నిజంగా వాక్యం కావలసినవి ఈ పుస్తకంలో పదిహేనుకి మించవు. రెండు పేజీలు ఎక్కడి నుంచి తేవాలంటారా, మొదట్లో దాతల పేర్లకి నాలుగు పేజీలున్నాయి. ఇంటిపేరు, గోత్రం, ఫ్లాట్ నంబరు, ఇచ్చిన మొత్తంతో సహా, ఒక్క అచ్చుతప్పు లేకుండా. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు దాతల్ని బ్రాకెట్లో ఊరి పేర్లు వేసి మరీ వేరుచేశారు.

రెండో ముద్రణ సంక్రాంతికి వస్తుందట. కార్యదర్శి గారు పెద్దత్తయ్య గారిని అడిగారు. ఆవిడ తన పేరు వద్దన్నారట, వాళ్లమ్మ పేరు వేయమన్నారట.